పాత పుస్తకాల వీకెండ్ సేల్: ధరల స్లాబులు వేయడం, మార్పిడి పెట్టడం, పోస్టు రాయడం

"మీ సేల్ వాట్సాప్ పోస్టు ఒకసారి పంపండి, దాన్ని చూసి మాది రాసుకుంటాం" అని చాలామంది అడుగుతుంటారు. పంపుతాను. కానీ పోస్టులో ఉండే ప్రతి లైను వెనకా ముందే తేల్చుకున్న ఒక విషయం ఉంటుంది. అది తేలకుండా నా పోస్టు కాపీ చేసుకుంటే, శనివారం పొద్దున హాల్లో జనం ముందు నిలబడి తేల్చుకోవాల్సి వస్తుంది. అందుకే పోస్టు ఇందులో చివరలో వస్తుంది.

లెక్కలకి ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ఒక ఇంటి లైబ్రరీ మొత్తం ₹12,000కి కొన్నారు. చెత్త ఏరేశాక 600 పుస్తకాలు మిగిలాయి. వాటిని కాలనీ కమ్యూనిటీ హాల్లో శని, ఆదివారాలు అమ్మాలి.

## 1. తేదీ, చోటు

జీతాలు పడ్డాక వచ్చే మొదటి రెండు వారాంతాలు మంచివి. నెలాఖరులో వచ్చినవాళ్లు చూసి వెళ్తారు. హైదరాబాద్‌లో డిసెంబరు బుక్ ఫెయిర్ రోజులు, విజయవాడలో జనవరి పుస్తక మహోత్సవం రోజులు వదిలేయండి. పుస్తకాలకి తీసిపెట్టుకున్న డబ్బు అక్కడికే పోతుంది.

నేను ఈ ఉదాహరణకి 2026 నవంబరు 14, 15 తీసుకున్నాను. గ్రంథాలయ వారోత్సవాలు 14నే మొదలవుతాయి కాబట్టి పుస్తకాల మాట ఊళ్లో కాస్త వినబడుతుంటుంది. ఒక్క చిక్కుంది. అది కార్తీక మాసం, ఆదివారం మధ్యాహ్నం సగం కాలనీ వనభోజనాల్లో ఉంటుంది. కాబట్టి తలుపులు 9కే తెరవాలి, బలమంతా శనివారం మీద పెట్టాలి.

చోటు కింది అంతస్తులో ఉండాలి. 600 పుస్తకాలు మెట్లెక్కించిన వాళ్లకి ఈ మాట మళ్లీ చెప్పక్కర్లేదు. గోడల చెమ్మ కూడా చూసుకోండి, రాత్రి పుస్తకాలు అక్కడే ఉంటాయి కదా.

## 2. పుస్తకాలు ఏరడం

ఒక్కో పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని, వెన్ను పట్టుకుని తలకిందులుగా దులపండి. పెళ్లి శుభలేఖలు, నెమలీకలు, బ్యాంకు స్లిప్పులు, ఇన్సూరెన్సు రసీదులు, ఒక్కోసారి ఉత్తరాలు కూడా రాలతాయి. ఫోటోలు, ఉత్తరాలు ఒక కవర్లో వేసి ఆ ఇంటివాళ్లకి తిరిగి ఇచ్చేయండి. మొదటి పేజీలో ఫోన్ నంబరు, చిరునామా ఉంటే దాని మీద తెల్ల కాగితం ముక్క అతికించండి. సంతకం, "ఫలానావారికి ప్రేమతో" లాంటి రాత అలాగే ఉంచండి. పాత పుస్తకాలు కొనేవాళ్లలో దానికోసమే కొనేవాళ్లున్నారు.

పక్కన పెట్టాల్సినవి ఇవి:

- అట్ట లోపల మట్టి గీతలు, పేజీల్లో సన్నని పొడి, గుండ్రటి కన్నాలు ఉన్నవి. చెదలో, పురుగో ఇంకా బతికే ఉండొచ్చు. వెంటనే ప్లాస్టిక్ సంచిలో బిగించి మిగతావాటికి దూరంగా పెట్టండి.
- మొదటి, చివరి పేజీలు లేనివి. నవలల్లో చివరి ఎనిమిది పేజీలు తప్పకుండా చూడండి, ముందుగా ఊడేవి అవే.
- ఫుట్‌పాత్ పైరసీ కాపీలు. అట్ట మెరుస్తుంటుంది, లోపల కాగితం పలచగా ఉండి అక్షరం అలుక్కుపోయి ఉంటుంది, కొన్ని పేజీలు వంకరగా పడి ఉంటాయి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం వీటిని అమ్మడం తప్పు. సెకండ్ హ్యాండ్ అన్నంత మాత్రాన ఒప్పు అయిపోదు.
- ప్రభుత్వ లేదా కాలేజీ లైబ్రరీ ముద్ర, నంబరు ఉండి, "తొలగించబడినది" అనే ముద్ర లేనివి. అవి ఎవరో తిరిగివ్వనివి. మూతపడిన అద్దె లైబ్రరీల ముద్రలతో ఇబ్బంది లేదు, అవి యజమానులే అమ్ముకున్నవి అయి ఉంటాయి.
- పాత సిలబస్ టెక్స్ట్‌బుక్కులు, పోటీ పరీక్షల గైడ్లు.

వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చించి కుట్టించిన బైండ్లు మాత్రం పారేయకండి. చూడ్డానికి ఎలా ఉన్నా, సేల్‌లో వాటి దగ్గర నిలబడినంతసేపు జనం ఇంకెక్కడా నిలబడరు. వారాల వరస సరిగ్గా ఉందో, చివరి భాగం ఉందో చూసి, లేకపోతే "ముగింపు లేదు" అని చీటీ పెట్టండి.

## 3. ధరల స్లాబులు

నాలుగు స్లాబులు చాలు. మూడైతే మంచి పుస్తకం చవగ్గా పోతుంది. ఐదారైతే మీకే గుర్తుండవు. ధరలన్నీ పదుల్లో ఉంటే చిల్లర గొడవ తగ్గుతుంది.

- పసుపు చుక్క ₹30: పిల్లల పుస్తకాలు, పలచటి కథలు, అట్ట చినిగినవి. 220 పుస్తకాలు.
- ఆకుపచ్చ చుక్క ₹60: మామూలు సైజు నవలలు, మామూలు కండిషన్. 210 పుస్తకాలు.
- నీలం చుక్క ₹100: లావు నవలలు, గట్టి అట్టవి, సీరియల్ బైండ్లు. 130 పుస్తకాలు.
- ఎరుపు చుక్క ₹200: ఇప్పుడు ముద్రణలో లేనివి, నిఘంటువులు, సెట్లు. 40 పుస్తకాలు.

ఏ పుస్తకం ఏ స్లాబులోకి వెళ్తుందో దాని మీద అచ్చయిన ధర చెప్పదు. ముప్పై ఏళ్ల కిందటి పుస్తకం మీద ₹25 ఉంటుంది. నేను చూసేవి రెండే: ఇదే పుస్తకం ఇవాళ కొత్తగా దొరుకుతోందా, దొరికితే ఎంతకి. దొరుకుతుంటే కొత్త ధరలో మూడో వంతు దగ్గర ఆగుతాను. దొరక్కపోతే ఒక స్లాబు పైకి వేస్తాను.

ఇప్పుడు ఈ ధరలు గిట్టుబాటేనా చూడాలి. అన్నీ అమ్ముడుపోతే ₹40,200 వస్తుంది. అన్నీ పోవు, ఆ అంకె మర్చిపోండి. చూడాల్సింది పెట్టుబడి వెనక్కి రావడానికి ఎన్ని అమ్మాలన్నది.

పుస్తకాలకి ₹12,000. హాలు, ట్రాలీ ఆటో, సాయానికి ఒక కుర్రాడు, స్టిక్కర్లు, బ్యానరు, టీలు కలిపి ₹6,500 అనుకుందాం. మొత్తం ₹18,500. పసుపు 130, ఆకుపచ్చ 110, నీలం 55, ఎరుపు 13 అమ్మితే ₹18,600 వస్తుంది. అంటే 308 పుస్తకాలు, సగం కంటే కాస్త ఎక్కువ. రెండు రోజుల్లో ఇది కుదిరే పనే. మీ లెక్కలో 450 అమ్మితే గానీ పెట్టుబడి రాదని తేలితే, ధర పెంచి లాభం లేదు. ఖర్చు తగ్గించాలి, ముందుగా హాలు అద్దె.

స్టిక్కరు వెనక అట్ట కింది మూలన అతికించండి. కాగితం అట్టల పాతవాటికి స్టిక్కరు వద్దు, తీసేటప్పుడు పొర లేస్తుంది. వాటికి రంగు చీటీ పెట్టండి. ఎలాగూ చీటీలు ఒక పుస్తకంలోంచి ఇంకోదాంట్లోకి నడిచిపోతుంటాయి కాబట్టి, మొదటి పేజీ మూలన పెన్సిల్‌తో ధర కూడా వేయండి. బిల్లు దగ్గర చూసేది ఆ పెన్సిల్ అంకెనే.

## 4. మొత్తం బిల్లు మీద తగ్గింపు: ఇక్కడే చాలామంది పడతారు

"బిల్లు ₹500 అయితే 10 శాతం, ₹1,000 అయితే 20 శాతం తగ్గింపు." వినడానికి బాగుంటుంది. లెక్క వేయండి.

ఒకాయన ₹950 పుస్తకాలు తెచ్చాడు. 10 శాతం పోగా ₹855 కట్టాలి. వెనకున్నావిడ ₹1,000 పుస్తకాలు తెచ్చింది. 20 శాతం పోగా ₹800. ఎక్కువ పుస్తకాలు తీసుకున్నావిడ తక్కువ కట్టింది. ₹890 నుంచి ₹990 వరకు బిల్లయిన ప్రతి ఒక్కరిదీ ఇదే పరిస్థితి. అది గమనించినవాళ్లు వెళ్లి రెండు పసుపు చుక్కలు తెచ్చి కలుపుతారు. గమనించనివాళ్లు ఇంటికెళ్లాక గమనిస్తారు, అది ఇంకా చేటు.

దీనికి మందు శాతాలు మానేయడం. తగ్గింపు పుస్తకంగా ఇవ్వండి: ప్రతి ₹500కి ఒక పసుపు చుక్క పుస్తకం ఉచితం. ₹950 ఆయనకి ఒకటి, ₹1,000 ఆవిడకి రెండు. ఎవరికీ అన్యాయం జరగదు. కాలిక్యులేటరు అక్కర్లేదు. పైగా ఎక్కువ మిగిలిపోయే పసుపు గుట్ట తరుగుతుంది.

బేరానికి కూడా ఇదే జవాబు. విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో, హైదరాబాద్ కోఠిలో బేరమాడటం అలవాటైన జనం మనవాళ్లు, ఆడకుండా ఉండరు. "ధర తగ్గదండీ, ఇంకో రెండు తీసుకోండి, పసుపు చుక్కది ఒకటి ఊరికే వస్తుంది" అంటే చాలా వరకు సర్దుకుంటారు. ఒక్కరికి పది తగ్గించారా, పక్కనున్న నలుగురూ వింటారు, స్లాబులు అక్కడితో సరి.

## 5. పుస్తకం తెచ్చి పుస్తకం పట్టుకెళ్లడం

మార్పిడి పెడితే జనం వస్తారు, అందులో అనుమానం లేదు. అదుపు లేకుండా పెడితే మీ మంచి నవలలు పోయి, ఉచితంగా పంచిన ప్రవచనాల పుస్తకాలు, పాత గైడ్లు మీకు మిగులుతాయి. నేను మొదటిసారి "ఒకటి తెండి, ఒకటి తీసుకెళ్లండి" అని మాత్రమే రాశాను. శనివారం సాయంత్రానికి నా దగ్గర గైడ్లతో ఒక షాపు పెట్టేంత సరుకు చేరింది.

అపార్ట్‌మెంటు వాళ్లు సరదాకి పెట్టుకునే మార్పిడికి విడిగా ఒక అల్మరా చాలు: అందులో పెట్టు, అందులోంచే తీసుకో. అమ్మకందారుకి కూపన్ పద్ధతే నయం. తెచ్చిన పుస్తకాన్ని మీ సరుకులాగే చూసి, ఏ రంగు వస్తుందో తేల్చి, ఆ రంగు కూపన్ ఇవ్వాలి.

నా నిబంధనలు ఇవి:

- కూపన్ రంగు పుస్తకం ఒకటి తీసుకోవచ్చు. మార్పిడి రుసుము పుస్తకానికి ₹20.
- పై రంగు కావాలంటే ధరలో తేడా కూడా కట్టాలి.
- పసుపుకి రుసుము లేదు, కానీ రెండు తెస్తే ఒకటి.
- ఎరుపు చుక్క పుస్తకాలు మార్పిడిలో లేవు.
- మనిషికి ఐదు పుస్తకాల వరకే చూస్తాం. మొత్తం 60 కూపన్లు అయ్యాక బల్ల మూసేస్తాం.
- కూపన్‌కి డబ్బు ఇవ్వం. ఆదివారం సాయంత్రం 6 దాటాక చెల్లదు.

₹20 ఎందుకని అడుగుతారు. పై లెక్కలో ఖర్చు ₹6,500ని 308 పుస్తకాలకి పంచితే ఒక్కోదానికి ₹21 పడుతుంది. మార్చుకున్న పుస్తకం కూడా అదే హాల్లో, అదే ఆటోలో వచ్చిందే. పుస్తకానికి పుస్తకం సరిపోయింది, ఖర్చు మాత్రం ఎవరో ఒకరు పెట్టుకోవాలి.

60 అని హద్దు పెట్టింది కూడా అందుకే. 60 మార్పిడులు జరిగితే చేతికి వచ్చేది ఎక్కువలో ఎక్కువ రుసుముగా ₹1,200, తేడాలుగా మరికాస్త. అదే 60 పుస్తకాలు అమ్మితే ఆకుపచ్చ ధరకే ₹3,600. వచ్చిన పుస్తకాలు వచ్చే సేల్‌కి సరుకు అవుతాయి గానీ హాలు అద్దె ఈ వారమే కట్టాలి.

ఒకరి సంచి ఎలా చూడాలో చూద్దాం. ఒకావిడ ఐదు పుస్తకాలు తెచ్చింది. మొదటిది మామూలు నవల, పేజీలన్నీ ఉన్నాయి: ఆకుపచ్చ కూపన్. రెండోది ఆరేళ్ల కిందటి బ్యాంకు పరీక్ష గైడు: తీసుకోం. మూడోది సీరియల్ బైండు, చివరి వారం దాకా ఉంది: నీలం కూపన్. నాలుగోది ఇంగ్లిష్ థ్రిల్లరు, అక్షరం అలుక్కుపోయిన ఫుట్‌పాత్ కాపీ: తీసుకోం. ఐదోది పిల్లల బొమ్మల కథలు, కాస్త రంగులు పూసి ఉంది: పసుపు, కానీ ఒక్కటే ఉంది కాబట్టి రేపు ఇంకోటి తెస్తే చూద్దాం. ఆవిడ ఒక ఆకుపచ్చ, ఒక నీలం పుస్తకం తీసుకుంటే ₹40 కడుతుంది. ఆకుపచ్చ కూపన్‌తో కూడా నీలం పుస్తకమే కావాలంటే ఇంకో ₹40 తేడా, మొత్తం ₹80.

కాదనేటప్పుడు పుస్తకం బాగాలేదని అనకండి. అది వాళ్ల నాన్నగారిదో, అమ్మగారిదో అయి ఉండొచ్చు. "ఇది మా దగ్గర కదలదండీ" అంటే చాలు. విలువ కట్టే మనిషి రెండు రోజులూ ఒక్కరే ఉండాలి. మీరొక రంగు, మీ తమ్ముడొక రంగు చెబితే పంచాయితీ అవుతుంది.

వచ్చిన పుస్తకాలు ఆ రెండు రోజుల్లో బల్లల మీదికి రాకూడదు. విడి డబ్బాలో వేసి, సేల్ అయ్యాక సంచుల్లో బిగించి కొన్ని వారాలు ఉంచండి. మధ్యలో తీసి చూసినప్పుడు సంచి అడుగున కొత్త పొడి రాలి ఉంటే, పురుగు వాళ్లింటి నుంచి వచ్చిందన్నమాట. ఆ సంచి మీ గోదాములోకి పోకూడదు.

## 6. పోస్టు రాయడం

వాట్సాప్‌లో పోస్టు పొడవైతే కింది భాగం "రీడ్ మోర్" వెనక్కి పోతుంది. దాన్ని అందరూ నొక్కరు. కాబట్టి ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎంత అన్న నాలుగూ పై లైన్లలోనే అయిపోవాలి. పుస్తకాల మీద మీ ప్రేమ గురించి మొదటి పేరా రాసుకుంటే దాన్ని కొట్టేయండి.

"ఈ శని, ఆదివారాలు" అని ఎప్పుడూ రాయొద్దు. పోస్టు ఫార్వర్డ్ అవుతూ వచ్చే వారం ఎవరికో చేరుతుంది, వాళ్లు ఖాళీ హాలుకి వస్తారు. తేదీ, వారం రెండూ ఉండాలి.

నమూనా ఇది:

> *పాత పుస్తకాల సేల్: 2026 నవంబరు 14 శనివారం, 15 ఆదివారం*
> ఉదయం 9 నుంచి సాయంత్రం 7 వరకు
> కమ్యూనిటీ హాలు, (కాలనీ పేరు), వాటర్ ట్యాంకు ఎదురు సందు
> ₹30, ₹60, ₹100, ₹200. నాలుగే ధరలు, బేరం లేదు
>
> ప్రతి ₹500 కొనుగోలుకి ఒక ₹30 పుస్తకం ఉచితం.
>
> ఏమున్నాయి: సుమారు 600 పుస్తకాలు. తెలుగు నవలలు, కథలు 280, ఇంగ్లిష్ ఫిక్షన్ 110, పిల్లల పుస్తకాలు 90, ఆధ్యాత్మికం, వైద్యం, వంటలు 70, వారపత్రికల సీరియల్ బైండ్లు 50.
> ఏవి లేవు: టెక్స్ట్‌బుక్కులు, గైడ్లు.
>
> *మీ పుస్తకం తెచ్చి మార్చుకోండి*
> మీ పుస్తకం చూసి రంగు కూపన్ ఇస్తాం. అదే రంగు పుస్తకం తీసుకుని ₹20 కట్టండి. పై రంగుకి తేడా కలుస్తుంది. ₹30 రకానికి రెండు తెస్తే ఒకటి, రుసుము లేదు. ₹200 రకం మార్పిడిలో లేదు.
> మనిషికి 5 పుస్తకాల వరకు, మొదటి 60 కూపన్లు మాత్రమే. ఆదివారం సాయంత్రం 6 తర్వాత కూపన్ చెల్లదు, కూపన్‌కి డబ్బు ఇవ్వం.
> గైడ్లు, పత్రికల విడి సంచికలు, ఉచితంగా పంచినవి, పైరసీ కాపీలు, లైబ్రరీ ముద్ర ఉన్నవి తీసుకోం.
>
> యూపీఐ, నగదు రెండూ తీసుకుంటాం. సంచి తెచ్చుకోండి. ముందుగా పక్కన పెట్టడం, కొరియర్ లేవు.
> వివరాలకి వాట్సాప్ మాత్రమే: (నంబరు)

"ఏవి లేవు" అన్న లైను చూడ్డానికి చిన్నదే, కానీ అది లేకపోతే వచ్చే ఫోన్లలో సగం "ఇంటర్ ఫస్టియర్ గైడ్లున్నాయా అన్నా" అనే ఉంటాయి. నంబరు కూడా ఇంటి నంబరు కాకుండా విడిగా ఒకటి పెట్టుకోండి. పోస్టు ఎంత దూరం పోతుందో మన చేతిలో ఉండదు.

ఫోటోలు మూడు చాలు: బల్ల మీద వెన్నులు చదవగలిగేలా రెండు, రంగు చుక్కల ధరల పట్టిక ఒకటి. పట్టిక ఫోటో మీద కూడా తేదీ, చోటు ఉండాలి, ఎందుకంటే ఫోటో ఒక్కటే ఫార్వర్డ్ చేసేవాళ్లు ఎక్కువ. ఎరుపు చుక్క అరుదైన పుస్తకాన్ని ముందు పెట్టి ఫోటో తీయకండి. అందరూ దానికోసమే వస్తారు, అది తొమ్మిదీ అయిదుకే పోతుంది.

పంపే ముందు చూసుకోండి:

- తేదీకి, వారానికి పొంతన ఉందా? క్యాలెండరు చూసి సరిచూడండి.
- చోటు తెలియనివాళ్లకి గుర్తు చెప్పారా?
- పోస్టులో ఉన్న ధరలు, పట్టిక ఫోటోలో ఉన్న ధరలు ఒకటేనా?
- మార్పిడి నిబంధనలు ఇంట్లో ఒకరికి చదవమని ఇచ్చి, "మూడు తెస్తే ఎంత కట్టాలి" అని అడిగారా? వాళ్లు తడబడితే తిరగరాయండి.

## 7. ఎప్పుడు పంపాలి

మొదటిసారి సోమవారం రాత్రి. మళ్లీ శుక్రవారం సాయంత్రం, ఈసారి పై నాలుగు లైన్లే. శనివారం మధ్యాహ్నం హాలు ఫోటో ఒకటి, "మార్పిడి కూపన్లు ఇంకా 22 ఉన్నాయి" అన్న మాటతో. ఆ అంకె నిజమైనదే అయి ఉండాలి. అంతకుమించి పంపితే గ్రూపులోంచి తీసేస్తారు.

"ఫలానా పుస్తకం ఉందా, నాకోసం తీసిపెట్టండి" అనే మెసేజ్‌లు వస్తాయి. ఉంటే ఉందని చెప్పండి, తీసిపెట్టొద్దు. పొద్దున్నే వచ్చినవాళ్ల ముందు బల్ల కింద నుంచి పుస్తకం తీసి ఇంకొకరికి ఇవ్వడం చూడ్డానికి బాగోదు.

## 8. ఆ రెండు రోజులు

మార్పిడి బల్ల గుమ్మం దగ్గరే ఉండాలి. పుస్తకాలతో లోపలికి వెళ్లినవాళ్లు బయటికి తెచ్చేవి వాళ్లవో మనవో తేల్చలేం. బిల్లు బల్ల బయటికెళ్లే దారిలో పెట్టండి. పదులు, యాభైలు కలిపి ₹2,000 చిల్లర ముందే తెచ్చుకోండి. యూపీఐకి స్క్రీన్‌షాట్ చూసి సరే అనకండి, మీ ఫోన్‌కో సౌండ్ బాక్సుకో డబ్బు చేరినట్టు తెలిశాకే పుస్తకాలు ఇవ్వండి.

శనివారం రాత్రి రంగులవారీగా ఎన్ని పోయాయో లెక్కపెట్టండి. పసుపు బాగా పోయి నీలం కదలకపోతే, నీలంలో కండిషన్ బాగాలేని ఓ ముప్పై తీసి ఆకుపచ్చలోకి మార్చండి, పెన్సిల్ అంకె కూడా చెరిపి రాయండి. మొత్తం నీలం ధరే తగ్గిస్తే, పొద్దున ₹100 పెట్టి కొన్నాయన ఆదివారం మళ్లీ వచ్చి అడుగుతాడు.

ఆదివారం 7 గంటలకి పోస్టు మళ్లీ తెరిచి, మొదటి లైను ముందు "సేల్ ముగిసింది" అని చేర్చండి. ఎడిట్ కుదరని చోట అదే పోస్టుకి రిప్లైగా పెట్టండి. సోమవారం పొద్దున సంచీతో వచ్చి హాలు వాచ్‌మన్‌ని అడిగేవాళ్లు అయినా ఒకరిద్దరు ఉంటారు, వాచ్‌మన్‌కి మీ నంబరు ఇచ్చి రండి.